ప్రొఫైల్‌ డిలీట్‌ చేశాక కూడా ఫోన్లు ఎందుకొస్తాయి? మీ డేటా నిజంగా ఎప్పుడు చెరుగుతుంది?

విజయవాడలో ఉండే ఒక యువతికి పెళ్లి కుదిరిందనుకుందాం. ఏడాదిగా పెళ్లి సంబంధాల యాప్‌లో ఉన్న ప్రొఫైల్‌ను మార్చి 1న తీసేసింది. ‘మీ ఖాతా తొలగించాం’ అని యాప్‌లో సందేశం కూడా వచ్చింది. ఏప్రిల్‌ 3న ముక్కూమొహం తెలియని ఒకాయన ఆమె తండ్రికి ఫోన్‌ చేసి, ‘మీ అమ్మాయి ప్రొఫైల్‌ చూశామండీ, జాతకం పంపిస్తారా?’ అని అడిగారు. అప్పటికే శుభలేఖలు పంచేశారు. ‘ప్రొఫైల్‌ ఇంకా ఎందుకుంది?’ అని అత్తవారింటి నుంచి ప్రశ్న వస్తే ఆ అమ్మాయి ఏం చెప్పాలి?

ఇది ఊహించి చెప్పిన ఉదాహరణే. కానీ ఇలా జరగడానికి కంపెనీ మోసం చేయక్కర్లేదు. డిలీట్‌ బటన్‌ నొక్కినప్పుడు మన సమాచారం ఒకేచోట, ఒకేసారి చెరిగిపోదు. అది నాలుగైదు చోట్ల ఉంటుంది, ఒక్కోచోట ఒక్కో గడువు ప్రకారం పోతుంది. ఒక్కోసారి పోయిందనుకున్నది తిరిగి వస్తుంది కూడా. ఆ అమ్మాయి ప్రొఫైల్‌ వెంటే వెళ్తూ ఏ దశలో ఏం జరుగుతుందో చూద్దాం.

బటన్‌ నొక్కిన రోజు ఏం జరుగుతుంది?

మార్చి 1న జరిగింది నిజానికి తొలగింపు కాదు, దాచిపెట్టడం. దీన్నే ‘సాఫ్ట్‌ డిలీట్‌’ అంటారు. డేటాబేస్‌లో ప్రతి సభ్యురాలికీ ఒక వరుస ఉంటుంది. అందులో పేరు, ఫోన్‌ నంబరు, పుట్టిన తేదీ వంటి గడులతో పాటు ‘ఎప్పుడు తొలగించారు’ అనే గడి కూడా ఒకటి ఉంటుంది. బటన్‌ నొక్కగానే ఆ గడిలో తేదీ పడుతుంది, అంతే. తేదీ ఉన్న వరుసలను ఎవరికీ చూపించవద్దని యాప్‌కు ముందే చెప్పి ఉంటారు కాబట్టి ప్రొఫైల్‌ కనిపించకుండా పోతుంది. పేరు, నంబరు, ఫొటోలు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి.

కంపెనీ కంప్యూటర్లకు వెళ్లే ఆదేశాల్లో దాచడానికీ, చెరపడానికీ తేడా ఇలా ఉంటుంది. మొదటిది సాఫ్ట్‌ డిలీట్‌, రెండోది అసలైన తొలగింపు.

```sql
UPDATE profiles SET deleted_at = now() WHERE id = 48213;

DELETE FROM profiles WHERE id = 48213;
```

సాఫ్ట్‌ డిలీట్‌ చెడ్డ పద్ధతేమీ కాదు. పొరపాటున నొక్కినవారు, కోపంలో నొక్కి మనసు మార్చుకున్నవారు వెనక్కి రావడానికి కొన్నాళ్లు వ్యవధి ఇవ్వడం మామూలే. ఫేస్‌బుక్‌ ఇందుకు 30 రోజులు ఇస్తుంది. మన ఉదాహరణలోని యాప్‌ 14 రోజులు ఇస్తుందనుకుందాం. సమస్యంతా రెండో ఆదేశం ఎప్పటికీ నడవకపోతేనే. దాచిన వరుసలను వ్యవధి తీరగానే వెతికి చెరిపే పనిని రోజూ దానంతటదే నడిచేలా పెట్టాలి. అది పెట్టని చోట ‘తొలగించిన’ ఖాతాలు ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటాయి. కొత్తగా రాసిన ఏదో ఒక రిపోర్టు ఆ తేదీ గడిని చూడటం మరిచిపోతే, దాచిన ప్రొఫైళ్లు మళ్లీ బయటపడతాయి.

ప్రొఫైల్‌ పోయినా ఫొటో ఎందుకు తెరుచుకుంటోంది?

మార్చి 2న ఆ అమ్మాయి తమ్ముడు పాత వాట్సాప్‌ సందేశంలోని ఫొటో లింకు నొక్కితే ఫొటో తెరుచుకుంది. దీనికి కారణం క్యాచీ. ఫోన్‌ సెట్టింగ్స్‌లో ‘క్లియర్‌ క్యాచీ’ అని కనిపించేది మన ఫోన్‌లోని క్యాచీ. అలాంటిదే కంపెనీ వైపునా ఉంటుంది. ఎక్కువమంది చూసే ఫొటోలను ప్రతిసారీ అసలు నిల్వ నుంచి తెస్తే ఆలస్యమవుతుంది. అందుకని చూసేవారికి దగ్గరలోని సర్వర్లలో నకళ్లు ఉంచుతారు. ఏ నకలు ఎంతకాలం ఉండాలో గడువు ముందే పెడతారు. అది కొన్ని నిమిషాలు కావచ్చు, వారం కావచ్చు, ఫొటోల విషయంలో ఏడాది కూడా కావచ్చు. అసలు ఫొటోను చెరిపినా, గడువు తీరేదాకా నకలు లింకు అడిగినవారికల్లా కనిపిస్తూనే ఉంటుంది.

గడువు కోసం ఆగక్కర్లేదు. ఫలానా లింకు నకళ్లన్నీ తీసేయమని ఆ సర్వర్లకు ఆదేశం పంపొచ్చు. అయితే ఒక్క ఫొటోకే చిన్న బొమ్మ, మధ్యస్థం, పెద్దది అంటూ మూడు నాలుగు లింకులు ఉంటాయి. ప్రధాన ఫొటో లింకుకే ఆదేశం పంపి చిన్న బొమ్మలను మరిచిపోవడం తరచూ జరిగే తప్పు.

అసలు ఫొటోల నిల్వలోనూ ఒక చిక్కుంది. పొరపాటున పోకుండా పాత ప్రతులను దాచే సదుపాయాన్ని చాలా కంపెనీలు ఆన్‌ చేసి పెట్టుకుంటాయి. అమెజాన్‌ వారి ఎస్‌3 నిల్వలో ఈ సదుపాయం ఉన్నప్పుడు మామూలుగా డిలీట్‌ కొడితే ఫొటో పోదు. ‘ఇది తొలగించారు’ అనే గుర్తు మాత్రమే దానిపై పడుతుంది. పాత ప్రతులను విడిగా పేర్కొని తొలగిస్తేనే పోతాయి. అంటే నిల్వలోనూ మరో సాఫ్ట్‌ డిలీట్‌ దాగి ఉందన్నమాట.

అన్ని సర్వర్లలోనూ చెరిగిందా?

మార్చి 15న వ్యవధి తీరింది. ఆ రాత్రి అసలైన తొలగింపు ఆదేశం నడిచింది. ఒక సర్వర్‌ చెడిపోయినా సేవ ఆగకూడదని డేటాబేస్‌కు ఒకటి రెండు జంట ప్రతులు నడుపుతారు. వీటిని రెప్లికాలు అంటారు. ప్రధాన డేటాబేస్‌లో జరిగే ప్రతి మార్పూ మామూలుగా సెకన్లలో వాటికి చేరుతుంది. తొలగింపు కూడా అలాగే చేరుతుంది. ప్రమాదాల నుంచి కోలుకోవడానికని కొందరు ఒక రెప్లికాను కావాలనే కొన్ని గంటలు వెనక నడుపుతారు. కాస్త ఆలస్యంగానైనా అక్కడా చెరుగుతుంది. కాబట్టి రెప్లికాల గురించి పెద్దగా భయపడనవసరం లేదు.

భయపడాల్సింది రెప్లికాలా కనిపించే, కానీ రెప్లికా కాని నకళ్ల గురించి. ఎస్‌ఎంఎస్‌లు పంపే ఏజెన్సీకి రోజూ రాత్రి ఫోన్‌ నంబర్ల జాబితా వెళ్తుంది. మార్కెటింగ్‌ బృందం లెక్కల కోసం సభ్యుల వివరాలను మరో డేటాబేస్‌లోకి ఎత్తుకుంటుంది. ఆఫీసులో ఎవరో ఎక్సెల్‌ షీట్‌లోకి దించుకుంటారు. ఇవన్నీ ఆ రోజు తీసిన ఫొటోల్లాంటివి. అసలు డేటాబేస్‌లో ఏం చెరిగినా వాటికి తెలియదు. ఖాతా తీసేశాక కూడా ‘మీకోసం 12 కొత్త సంబంధాలు’ అని సందేశం వస్తోందంటే ఎక్కువగా ఇలాంటి జాబితాలే కారణం.

డిజిటల్‌ పర్సనల్‌ డేటా ప్రొటెక్షన్‌ చట్టం-2023 ఈ బాధ్యతను కంపెనీ మీదే పెట్టింది. తన తరఫున పనిచేసే ఏజెన్సీకి ఇచ్చిన డేటాను కూడా చెరిపించాల్సింది కంపెనీయేనని 8వ సెక్షన్‌ చెబుతోంది. ‘అది మా దగ్గర కాదు, వెండార్‌ దగ్గర ఉంది’ అనే జవాబు చెల్లదు.

పాత బ్యాకప్‌ల నుంచి ఒక్కరిని ఎందుకు తీసేయరు?

ఇక చివరిదీ, కష్టమైనదీ బ్యాకప్‌. మన యాప్‌ రోజూ రాత్రి మొత్తం డేటాబేస్‌కు ఒక బ్యాకప్‌ తీసి 35 రోజులు దాస్తుందనుకుందాం. ఆ అమ్మాయి వివరాలున్న చివరి బ్యాకప్‌ మార్చి 14 రాత్రిది. దాని గడువు ఏప్రిల్‌ 18న తీరుతుంది. అంటే ఎవరూ ఏ తప్పూ చేయకపోయినా, బటన్‌ నొక్కాక 48 రోజుల దాకా ఆమె వివరాలు ఎక్కడో ఒకచోట ఉంటాయి. నెలకొక బ్యాకప్‌ను ఏడాది పాటు దాచే కంపెనీ అయితే ఇంకా ఎక్కువకాలం ఉంటాయి.

ఆ ఫైల్‌ తెరిచి ఒక్క పేరు కొట్టేయొచ్చు కదా అనిపిస్తుంది. కానీ బ్యాకప్‌ అంటే లక్షల మంది వివరాలను కుదించి, రహస్య సంకేతాల్లోకి మార్చి, సీలు వేసిన ఒకే మూట. ఒకరిని తీయాలంటే మొత్తం విప్పి, డేటాబేస్‌గా మళ్లీ నిలబెట్టి, చెరిపి, తిరిగి మూట కట్టాలి. అలాంటి మూటలు 35 ఉన్నాయి. రోజూ పదుల సంఖ్యలో వచ్చే అభ్యర్థనల కోసం వాటిని విప్పి కడుతూ పోతే, అవసరమైన రోజున ఏ మూట సరిగ్గా పనిచేస్తుందో చెప్పలేం. పైగా, డేటాను తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్‌ ముఠాల భయంతో, గడువు తీరేదాకా ఎవరూ మార్చడానికి వీల్లేని బ్యాకప్‌లే తీయమని నిపుణులు సూచిస్తున్నారు. కంపెనీ ఉద్యోగులు కూడా వాటిని ముట్టుకోలేరు.

అందుకే పెద్ద కంపెనీలు కూడా బ్యాకప్‌ల విషయంలో గడువు మాత్రమే చెబుతాయి. వాడుకలో ఉన్న సర్వర్ల నుంచి పూర్తిగా పోవడానికి సాధారణంగా 2 నెలలు, బ్యాకప్‌లలో 6 నెలల దాకా పట్టొచ్చని గూగుల్‌ తన విధానంలో రాసుకుంది. ఫేస్‌బుక్‌ 90 రోజుల దాకా అంటోంది. బ్రిటన్‌లో డేటా రక్షణను చూసే ఇన్ఫర్మేషన్‌ కమిషనర్‌ కార్యాలయం కూడా బ్యాకప్‌లో వెంటనే చెరపలేని పరిస్థితి ఉండొచ్చని ఒప్పుకుంటుంది. అయితే ఆ డేటాను ఈలోగా మరే పనికీ వాడకూడదని, బ్యాకప్‌లో ఏమవుతుందో వినియోగదారుకు స్పష్టంగా చెప్పాలని అంటుంది.

బ్యాకప్‌ చిక్కును దాటడానికి మరో పద్ధతి కూడా ఉంది. ఒక్కో సభ్యురాలి వివరాలను ఒక్కో ప్రత్యేక తాళంచెవితో రహస్యంగా మార్చి దాస్తారు. తొలగించమన్నప్పుడు ఆ తాళంచెవిని నాశనం చేస్తారు. పాత మూటల్లో ఆమె వివరాలు ఉన్నా, ఇక వాటిని ఎవరూ చదవలేరు. అయితే తాళంచెవులను కూడా అదే బ్యాకప్‌లో పెడితే ఈ శ్రమంతా వృథా. యాప్‌ను మొదటి నుంచీ ఇలా కట్టుకొస్తేనే ఇది కుదురుతుంది. పాత యాప్‌కు తర్వాత అతికించడం చాలా కష్టం.

మరి చెరిగిన ప్రొఫైల్‌ ఎలా తిరిగొచ్చింది?

ఇప్పుడు ఏప్రిల్‌ 3 నాటి ఫోన్‌ కాల్‌ దగ్గరికి వద్దాం. మార్చి 1 సాయంత్రం యాప్‌లో పెట్టిన ఒక అప్‌డేట్‌లో లోపముంది. అది కొందరి జన్మనక్షత్రం, గోత్రం గడులను నెమ్మదిగా పాడు చేస్తూ వచ్చింది. ఏప్రిల్‌ 2న ఎవరో గుర్తించారు. ఇంజినీర్లు పాడవడానికి ముందున్న బ్యాకప్‌ కోసం వెతికారు. ఫిబ్రవరి 28 రాత్రిది దొరికింది. ఏప్రిల్‌ 4న దాని గడువు తీరిపోయేది, రెండు రోజుల ముందే అవసరం పడింది. దాన్ని విప్పి పాడైన వివరాలను సరిచేశారు. ఇప్పటి డేటాబేస్‌లో కనిపించని వరుసలు కూడా లోపం వల్లే పోయాయనుకుని వాటినీ తిరిగి చేర్చారు.

ఫిబ్రవరి 28న ఆ అమ్మాయి ఇంకా సభ్యురాలే. ఆ మూటలో ఆమె ప్రొఫైల్‌కు తొలగింపు తేదీ గడి ఖాళీగా ఉంది. కాబట్టి దాచిన ఖాతాగా కాదు, మామూలు ఖాతాగానే తిరిగొచ్చింది. రోజూ చెరిపే పని తేదీ ఉన్న వరుసలనే వెతుకుతుంది కనుక ఆమెను పట్టుకోలేదు. ఆమె ఒక్కతే కాదు, మార్చి తొలి రెండు వారాల్లో ఖాతా తీసేసినవారంతా ఆ రాత్రి మళ్లీ ‘సంబంధాలు చూస్తున్నవారు’ అయిపోయారు. వాళ్లు తీసేయమని అడిగిన సంగతి కూడా ఆ డేటాబేస్‌లోనే ఉంది కాబట్టి, పాత డేటా రాగానే దాని గుర్తూ పోయింది.

దీనికి విరుగుడు ఒక చిన్న పుస్తకం లాంటిది. దాన్ని తొలగింపుల రిజిస్టర్‌ అనుకోవచ్చు. ఎవరు అడిగారు, ఎప్పుడు అడిగారు, ఎప్పుడు చెరిపారు అన్నది డేటాబేస్‌ బయట, దాని బ్యాకప్‌లతో సంబంధం లేకుండా రాసుకోవాలి. పాత బ్యాకప్‌ ఎప్పుడు విప్పినా, సభ్యులకు యాప్‌ తెరిచే ముందే ఆ రిజిస్టర్‌లోని ఖాతాలన్నింటినీ మరోసారి చెరపాలి. రిజిస్టర్‌ను కాసేపు పక్కన పెట్టుకుంటే ఆదేశం ఇంత చిన్నది.

```sql
DELETE FROM profiles
WHERE id IN (SELECT user_id FROM erasure_register);
```

ఆ రిజిస్టర్‌లో ఏం రాయాలన్నదే అసలు మెలిక. పేరు, ఫోన్‌ నంబరు రాస్తే, చెరపమన్నవారి కొత్త జాబితా తయారవుతుంది. నంబరును సూటిగా రాయకుండా మామూలు హ్యాష్‌గా, అంటే గుర్తుపట్టలేని అక్షరాల వరుసగా మార్చి రాస్తే సరిపోతుందని కొందరు అనుకుంటారు. పది అంకెల నంబర్లు వెయ్యి కోట్లకు మించి ఉండవు. ఇప్పటి కంప్యూటర్‌ వాటన్నింటినీ ఒక్కొక్కటిగా మార్చి చూసి అసలు నంబరు పట్టేయగలదు. అందుకే 48213 వంటి ఖాతా సంఖ్య మాత్రమే రాయడం మేలు. పాత బ్యాకప్‌లోనూ ఆ సంఖ్య అదే ఉంటుంది. ఆ వ్యక్తే ఎప్పుడైనా మళ్లీ చేరితే కొత్త సంఖ్య వస్తుంది కనుక కొత్త ఖాతా పొరపాటున చెరగదు. అన్నింటికంటే పాత బ్యాకప్‌ గడువు తీరేదాకా ఈ రిజిస్టర్‌ ఉంటే చాలు.

చట్టం ప్రకారం ఏవి చెరపరు?

2023 చట్టంలోని 12వ సెక్షన్‌ కింద, మన సమ్మతితో తీసుకున్న వ్యక్తిగత డేటాను చెరపమని అడిగే హక్కు మనకుంది. ఏ పని కోసం తీసుకున్నారో ఆ పనికి ఇంకా అవసరమైతేనో, మరో చట్టం దాచమంటేనో తప్ప కంపెనీ చెరపాల్సిందే. ఈ అమ్మాయి ప్రీమియం సభ్యత్వానికి డబ్బు కట్టి ఉంటే, ఆ ఇన్‌వాయిస్‌ చెరగదు. జీఎస్టీ చట్టం ప్రకారం ఖాతా పుస్తకాలను వార్షిక రిటర్న్‌ గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. బ్యాంకు ఖాతా మూసేసినా కేవైసీ పత్రాలను 5 ఏళ్లు ఉంచడం కూడా ఇలాంటిదే. అయితే ఇన్‌వాయిస్‌ దాచాలన్న సాకుతో ఫొటోలు, జాతకం దాచడం కుదరదు.

రేషన్‌, పింఛను వంటి ప్రయోజనాల కోసం ప్రభుత్వం వాడే డేటా చాలావరకు సమ్మతి మీద ఆధారపడదు. కాబట్టి అక్కడ ఈ హక్కు ఇలాగే వర్తించదు.

చట్టం అమలుకు నిబంధనలను 2025 నవంబరులో నోటిఫై చేశారు. కంపెనీల ప్రధాన బాధ్యతలు, మన హక్కులు 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి. ఫిర్యాదులను గరిష్ఠంగా 90 రోజుల్లో పరిష్కరించాలని నిబంధనలు చెబుతున్నాయి. కొన్ని డేటా, లాగ్‌ వివరాలను కనీసం ఏడాది దాచాలని కూడా వాటిలో ఉంది. అందువల్ల ‘మొత్తం చెరిపాం’ అనే మాటకు, ఏది చెరిపారు, ఏది దేనికోసం ఉంచారు అని అడగాల్సిందే. అప్పటిదాకా కంపెనీ గ్రీవెన్స్‌ ఆఫీసర్‌ ఉన్నారు. ఫిర్యాదును నెలలోగా పరిష్కరించాలని 2011 నాటి ఐటీ నిబంధనలు చెబుతున్నాయి.

మీరేం చేయాలి?

యాప్‌ను ఫోన్‌ నుంచి తీసేస్తే ఖాతా పోదు. ముందు ఖాతా తొలగించి, తర్వాత యాప్‌ తీసేయండి. తొలగించే ముందు మీ ఖాతా సంఖ్య రాసుకోండి, ఒకటి రెండు ఫొటోల లింకులు కాపీ చేసి పెట్టుకోండి. తర్వాత పరీక్షించడానికి అవే ఆధారం.

బటన్‌ నొక్కడంతో ఆగకుండా గ్రీవెన్స్‌ ఆఫీసర్‌కు ఈమెయిల్‌ పంపండి. తేదీతో కూడిన రుజువు మీ దగ్గర ఉంటుంది. అందులో నాలుగు ప్రశ్నలు చాలు. నా ఖాతాను దాచారా, చెరిపారా, పూర్తిగా చెరిగే తేదీ ఏది? ఫొటోల నకళ్లు, ఎస్‌ఎంఎస్‌ ఏజెన్సీల దగ్గరున్న జాబితాల నుంచి కూడా తీశారా? మీ బ్యాకప్‌ల గడువు ఎన్ని రోజులు? ఈలోగా పాత బ్యాకప్‌ విప్పితే నా ఖాతా తిరిగి రాకుండా ఏం చేస్తారు? నాలుగో ప్రశ్నకు సూటిగా జవాబిచ్చిన కంపెనీ మిగతా మూడూ సరిగ్గా చేసి ఉండే అవకాశం ఎక్కువ.

వెనక్కి వచ్చే వ్యవధి తీరేదాకా మళ్లీ లాగిన్‌ కావద్దు. కొన్ని యాప్‌లు దాన్నే ‘మనసు మార్చుకున్నారు’ అని లెక్కేసి తొలగింపు రద్దు చేస్తాయి. వ్యవధి తీరిన వారం తర్వాత బ్రౌజర్‌లో ప్రైవేట్‌ విండో తెరిచి, దాచుకున్న ఫొటో లింకు పెట్టి చూడండి. మామూలు విండోలో అయితే మీ ఫోన్‌ క్యాచీలోని బొమ్మే కనిపించి తప్పుదోవ పట్టించొచ్చు. యాప్‌లో పోయినా గూగుల్‌ వెతుకులాటలో పాత పేజీ కనిపిస్తుంటే, కాలం చెల్లిన ఫలితాలను తీసేయమని కోరే ఫారం గూగుల్‌ వద్దే ఉంది.

ఖాతా తిరిగొస్తే వెంటనే మళ్లీ డిలీట్‌ నొక్కేయకండి. ముందు తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్‌ తీసి, పాత ఈమెయిల్‌కు జతచేసి పంపండి. కొత్త హక్కులు అమల్లోకి వచ్చాక, కంపెనీ జవాబు సంతృప్తికరంగా లేకపోతే డేటా ప్రొటెక్షన్‌ బోర్డుకు వెళ్లొచ్చు. ముందుగా కంపెనీకి ఫిర్యాదు చేశాకే బోర్డు వద్దకు వెళ్లాలని చట్టం చెబుతోంది కనుక, ఆ మొదటి ఈమెయిల్‌ను జాగ్రత్తగా దాచుకోండి.

ఒక్క విషయంలో మాత్రం ఏ చట్టమూ పెద్దగా సాయపడలేదు. ప్రొఫైల్‌ చూసినవారు అప్పటికే ఫొటోను తమ ఫోన్‌లో దాచుకుని ఉంటే, లేదా బయోడేటాను బంధువుల వాట్సాప్‌ గ్రూపులో పంచి ఉంటే, కంపెనీ దాన్ని వెనక్కి తేలేదు. పైన చెప్పిన తొలగింపంతా కంపెనీ చేతిలో ఉన్న నకళ్లకే వర్తిస్తుంది.